అగ్నిప్రమాదం వార్తలో "షార్ట్ సర్క్యూట్" అని ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: మండల కంట్రిబ్యూటర్‌గా చేరి నాలుగు నెలలైంది. మొన్న మా ఊరి మార్కెట్లో ప్లాస్టిక్ సామాన్ల గోదాము తగలబడింది. మంటలు ఆరకముందే డెస్క్ నుంచి "కారణం ఏంటి" అని నాలుగు ఫోన్లు. అక్కడున్నవాళ్లు చెప్పింది విని, పక్క షాపు మీటరు బోర్డులో షార్ట్ సర్క్యూట్ అయిందని రాశాను. ఇప్పుడు ఆ షాపాయన "నువ్వు చూశావా" అని నిలదీస్తున్నాడు. కారణం తెలియనప్పుడు ఏం రాయాలి?

జవాబు:

మొదటి రోజు వార్తలో కారణాన్ని మీ మాటగా రాయకండి. ఎవరైనా చెబితే ఆయన ఎవరో, ఏం చూసి చెబుతున్నారో అదే వాక్యంలో పెట్టండి. చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా లోపలికి వెళ్లి చూడకపోతే "కారణం ఇంకా తేలలేదు" అని రాసేసి, మిగతా కాపీని కళ్లతో చూసినవాటితో, రికార్డుల్లో ఉన్నవాటితో నింపండి. అలాంటి సరుకు మొదటి గంటలోనే బోలెడు దొరుకుతుంది. ఎక్కడ వెతకాలో తెలియక మనం కారణం మీద పడతాం.

ఇరవై రెండేళ్లు జిల్లా రిపోర్టరుగా, డెస్క్‌లో పనిచేశాను. మీరు చేసిన తప్పే నేనూ చేశాను. అందుకే ముందు నా సంగతి చెబుతాను.

పత్తి సీజన్ జోరుగా ఉన్న రోజులు. మా టౌన్ శివారులో ఒక జిన్నింగు మిల్లు ఆవరణలో పత్తి కుప్పలు అంటుకున్నాయి. నేను వెళ్లేసరికి ఒంటిగంటా పావు. మూడు ఫైరింజన్లు నీళ్లు కొడుతున్నాయి. గేటు దగ్గరే యజమాని కనిపించాడు. "పైన పోయే కరెంటు తీగలు ఒకదానికొకటి రాసుకుని నిప్పురవ్వలు పడ్డాయి" అన్నాడు. గుమాస్తా అదే చెప్పాడు. చూడటానికొచ్చిన వార్డు మెంబరూ అదే చెప్పాడు. బందోబస్తుకొచ్చిన ఎస్సైని అడిగితే "కరెంటు తీగలంటున్నారు" అన్నాడు. నలుగురు చెప్పారు కదా అని "షార్ట్ సర్క్యూట్‌తో పత్తి దగ్ధం" అని హెడ్డింగుతో సహా పంపించాను. ఎస్సై మాటలోని "అంటున్నారు" నా చెవిన పడినా కాపీలోకి రాలేదు.

మర్నాడు పొద్దున్నే విద్యుత్ శాఖ ఏఈ ఫోన్. "మీరు రాసిన తీగల్లో నిన్న కరెంటే లేదండీ. పనుందని పదకొండు గంటలకు ఎల్‌సీ తీసుకున్నాం, రెండు దాటాకే లైన్ ఇచ్చాం."

సబ్‌స్టేషన్‌కి వెళ్లి లాగ్ బుక్ చూశాను. ఆ తీగలకు కరెంటిచ్చే ఫీడర్ మీద ఎల్‌సీ, అంటే సరఫరా ఆపి పనిచేసుకునే లైన్ క్లియర్, తీసుకున్నది 11.05కి, తిరిగి ఛార్జి చేసింది 2.10కి. అక్కడి నుంచి ఫైర్ స్టేషన్‌కి వెళ్తే ఫోన్ వచ్చినట్టు రాసుకున్న టైము 12.42. అంటే మంట పుట్టినప్పుడు పైన తీగలు చచ్చి ఉన్నాయి. నలుగురు చెప్పిన మాట నిజానికి ఒక్క నోటి నుంచి వచ్చిందే. యజమాని గుమాస్తాకి చెప్పాడు, గుమాస్తా గుంపుకి చెప్పాడు, గుంపు ఎస్సైకి చెప్పింది. నేను లెక్కపెట్టింది నోళ్లని.

కాబట్టి ఎందరు చెప్పారని కాదు, "మీకెవరు చెప్పారు" అని ప్రతి ఒక్కరినీ అడగండి. రెండు మూడు మెట్లు వెనక్కి వెళ్తే అందరూ ఒకే మనిషి దగ్గర ఆగుతారు. ఆయన అప్పుడు అక్కడున్నాడా, ఉంటే ఏం చూశాడు అన్నదే అసలు ప్రశ్న. మా యజమాని ఆ టైములో భోజనానికి ఇంటికెళ్లాడని తర్వాత తెలిసింది.

లాగ్ బుక్ చూసి బయటికొచ్చాక రెండో తప్పు చేయబోయాను. "కరెంటు లేదు, కాబట్టి షార్ట్ సర్క్యూట్ కాదు" అని రాద్దామనుకున్నాను. ఫైర్ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్ ఒకాయన ఆపాడు. "మిల్లు నడుస్తోంది కదా, జనరేటర్ మీద. లోపల మోటార్ల సంగతో?" అన్నాడు. ఆ రికార్డుతో తేలింది ఒక్కటే: బయటి లైను కారణం కాదు. అంతకుమించి ఒక్క అక్షరం కూడా దాన్నుంచి పిండలేం.

మిగిలింది మంట ఎక్కడ మొదలైందన్నది. దానికి పనికొచ్చింది కాటా దగ్గరి సీసీ కెమెరా. ట్రాక్టర్లు పత్తి దింపే వైపు కుప్ప అంచు నుంచి మొదటి పొగ లేచింది. మోటార్లున్న షెడ్డుకి అది చాలా దూరం. తెర మీద టైము 12.53. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ వెళ్లింది 12.42కి కదా, మరి పొగ తర్వాత ఎలా లేస్తుంది? కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె, డీవీఆర్, లైవ్ తెర పక్కన నా ఫోన్ పెట్టి చూస్తే దాని గడియారం 17 నిమిషాలు ముందుంది. అంటే పొగ లేచింది 12.36కి. సీసీ ఫుటేజీలో టైము రాసేముందు ప్రతిసారీ ఈ పని చేయండి. లైవ్ తెర, మీ ఫోన్ గడియారం రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసి దాచుకోండి. మన దగ్గర దుకాణాల్లో డీవీఆర్‌కి టైము ఒకసారి పెట్టాక మళ్లీ ముట్టుకునేవాళ్లు అరుదు.

ఇంతకీ ఆ మంట ఎందుకు పుట్టిందో ఈ రోజుకీ నాకు తెలియదు. ట్రాక్టరు సైలెన్సర్ నుంచి రవ్వ పడిందని కొందరు, హమాలీ ఎవరో బీడీ పారేశాడని కొందరు అన్నారు. చూశానన్నవాళ్లు ఒక్కరూ లేరు. అయిదో రోజు సవరణ వేశాం: "ప్రమాద సమయంలో ఆ విద్యుత్ లైన్‌లో సరఫరా లేదని సబ్‌స్టేషన్ రికార్డుల్లో ఉంది. ట్రాక్టర్లు పత్తి దింపే చోట తొలుత పొగ కనిపించింది. కారణం తేలలేదు." మూడు వాక్యాలూ ఇప్పటికీ నిలబడతాయి.

యజమాని ఎందుకలా చెప్పాడని మీకు అనుమానం రావచ్చు. అబద్ధమాడాడని నేననను, నిజంగానే అలా నమ్మి ఉండొచ్చు. కానీ "షార్ట్ సర్క్యూట్" అన్నది అందరికీ అనుకూలమైన మాట. అందులో మనిషి తప్పు ఉండదు. ఇన్సూరెన్స్ సంగతి కూడా ఉంది. 2021కి ముందు మన దగ్గర మామూలుగా తీసుకున్న ఫైర్ పాలసీలో సరుకు దానంతటదే వేడెక్కి అంటుకుంటే పరిహారం వచ్చేది కాదు, దానికి విడిగా ప్రీమియం కట్టి కవరు తీసుకోవాల్సి వచ్చేది. షార్ట్ సర్క్యూట్‌తో మంటలు లేచి సరుకు కాలిపోతే వచ్చేది, షార్ట్ అయిన ఆ పరికరానికి మాత్రం వచ్చేది కాదు. పత్తి, బొగ్గు, చెక్క లాంటి సరుకులో ఈ తేడా ఎన్ని లక్షలకు దారితీసేదో చూడండి. మనం అలవాటుగా రాసే రెండు మాటల క్లిప్పింగ్ క్లెయిం ఫైల్లోకి వెళ్తుంది. మీ షాపాయన కోపం కూడా ఇక్కడిదే కావచ్చు. మంట తన బోర్డు నుంచి మొదలైందని పేపర్లో వస్తే, గోదాము ఆయన నష్టం తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం.

పైగా కాలిన వైరు చూపించి "ఇదిగో షార్ట్ సర్క్యూట్" అంటే నమ్మకండి. మంట వేరే కారణంతో పుట్టినా వైర్ల మీద తొడుగు కరిగి అవి ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి, ఎంసీబీ పడిపోతుంది, మెరుపులూ వస్తాయి. దూరం నుంచి చూసినవాళ్లకు ముందు కనిపించేది ఆ మెరుపే. అది మంటకు కారణమా, మంట వల్ల వచ్చిందా అన్నది క్లూస్ టీమ్ తీసుకెళ్లిన వైరు ముక్కని ల్యాబ్‌లో చూశాక చెప్పాల్సిన మాట. ఒక్కోసారి వాళ్లకీ తేలదు.

ఫ్యాక్టరీల విషయంలో షార్ట్ సర్క్యూట్‌కి అన్నలాంటి మాట ఒకటుంది: "రియాక్టర్ పేలింది". రియాక్టర్ అంటే రసాయన చర్య జరిపే మూసిన పాత్ర. ఫార్మా యూనిట్లో ఏం పేలినా మనకు రియాక్టరే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియాలో 17 మంది చనిపోయినప్పుడు మొదట వచ్చిన మాట అదే. తర్వాత అధికారులు చెప్పింది వేరు: సాల్వెంట్, అంటే మందుల తయారీలో వాడే ద్రావకం, లీకై, దాని ఆవిరి వ్యాపించి, నిప్పు తగిలి పేలింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీలో కూడా మొదట్లో "రియాక్టర్ పేలుడు" అని స్క్రోలింగులు తిరిగాయి. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే కలప గుజ్జు నుంచి తీసి మాత్రల్లో కలిపే తెల్లటి పొడి. ప్రమాదం రియాక్టర్ పేలుడు వల్ల జరగలేదని రెండు రోజుల తర్వాత కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు రాసింది. అప్పటికే పొడిని ఆరబెట్టే డ్రయర్ వైపు, గాల్లో లేచిన పొడి అంటుకోవడం వైపు చర్చ మళ్లింది. కంపెనీ మాట కూడా ఒక పక్షం మాటే, అదీ "కంపెనీ చెప్పింది" అనే రాయాలి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో మాట ఒక్కో తప్పును చూపిస్తుంది. రియాక్టర్ పేలిందంటే లోపలి రసాయన చర్య అదుపు తప్పిందని, ఒత్తిడి వదిలే ఏర్పాటు పనిచేయలేదని. సాల్వెంట్ ఆవిరి పేలిందంటే పైపో, జాయింటో, వాల్వో కారిందని, దగ్గర్లో నిప్పు ఉందని. పొడి అంటుకుందంటే డ్రయర్ వేడి, పేరుకుపోయిన ధూళి ఊడ్చారా లేదా అని. బాయిలర్ అయితే దాన్ని చూసే శాఖే వేరు. కాబట్టి "రియాక్టర్" అనగానే అడగాల్సిన ప్రశ్న: "ఆ రియాక్టర్ ఇప్పుడు ఎలా ఉంది?" నిజంగా పేలిన పాత్ర చీలిపోయి ఉంటుంది, మూత ఎగిరిపోయి ఉంటుంది. అది తన స్టాండు మీద చెక్కుచెదరకుండా ఉందని లోపలికెళ్లొచ్చిన ఫైర్ అధికారి చెబితే, పేలింది దాని బయట అని అర్థం. ఈ ఒక్క ప్రశ్నతో మొదటి రోజే చాలా పొట్టు ఎగిరిపోతుంది. ఇంకో తేలికైన పని, షిఫ్టు దిగి బయట నిలబడ్డ కార్మికుణ్ని "ఆ బ్లాకులో ఏం చేస్తారు" అని అడగడం. పొడి ఆరబెట్టే బ్లాకు అని చెబితే, రియాక్టర్ అనే మాట రాసేముందు మీ చెయ్యి దానంతటదే ఆగుతుంది.

మృతుల సంఖ్యకూ ఇదే పద్ధతి, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. మార్చురీలో ఉన్నవి ఎన్ని, ఆస్పత్రిలో చనిపోయినవారు ఎందరు, ఆచూకీ లేనివారు ఎందరు, మూడూ విడివిడిగా, ఏ గంటకి అన్నదానితో సహా రాయండి. సిగాచీలో 46 మంది మరణాలు ఖరారయ్యాక, ఆచూకీ దొరకని మరో 8 మందినీ మరణించినట్టే ప్రకటించారు. మొదటి రోజే అన్నీ కలిపి ఒక అంకె చేసినవాళ్లు రోజూ దాన్ని మార్చుకుంటూ పోవాల్సి వచ్చింది.

ఇక మన భాష సంగతి. నా దృష్టిలో సగం తప్పు రిపోర్టింగులో జరగదు, క్రియలో జరుగుతుంది. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. "షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు." ఎవరు భావిస్తున్నారు? పాన్‌షాపు ఆయనా, ఫైర్ ఆఫీసరా? "అనుమానిస్తున్నారు", "తెలుస్తోంది", "సమాచారం" అన్నీ ఇదే బాపతు. ఇంకా ఘోరం "ప్రాథమికంగా నిర్ధారించారు". నిర్ధారిస్తే ప్రాథమికం కాదు, ప్రాథమికమైతే నిర్ధారణ కాదు. డెస్క్‌లో ఉన్నప్పుడు ఈ మాట కనిపిస్తే రిపోర్టరుకి ఫోన్ చేసేవాణ్ని. పదింట తొమ్మిదిసార్లు అవతలి జవాబు "అక్కడ అనుకుంటున్నారు సార్" అనే. కర్త దొరకని వాక్యాన్ని కొట్టేయండి. కర్త దొరికితే "తెలుస్తోంది" అవసరమే ఉండదు.

"-ఏ"తోనూ జాగ్రత్త. "షార్ట్ సర్క్యూట్ కారణమని" అన్నదానికీ "షార్ట్ సర్క్యూటే కారణమని" అన్నదానికీ చాలా దూరం. ఆ ఒక్క దీర్ఘం మిగతా కారణాలన్నిటినీ తోసేస్తుంది.

మీ గోదాము వార్తే తీసుకుందాం. వివరాలు నాకు తెలియవు గనుక టైములూ సంఖ్యలూ ఊరికే వేస్తున్నాను, వరస మాత్రం చూడండి.

మీరు పంపినట్టుండేది: "పక్క దుకాణంలో విద్యుత్ షార్ట్ సర్క్యూట్ సంభవించి మంటలు గోదాముకు వ్యాపించాయి. లక్షల్లో ఆస్తినష్టం జరిగినట్లు సమాచారం."

నేనైతే పంపేది: "మార్కెట్లోని ప్లాస్టిక్ సామాన్ల గోదాములో మంగళవారం రాత్రి మంటలు చెలరేగాయి. ఫైర్ స్టేషన్‌కు 9.20కి ఫోన్ రాగా, రెండు ఫైరింజన్లు 11.45కు మంటలను అదుపులోకి తెచ్చాయి. గోదాము పైకప్పు కూలింది, పక్క దుకాణం ముందు భాగం కాలింది. ఆ సమయంలో లోపల ఎవరూ లేరని యజమాని చెప్పారు. మంటలు ఎలా మొదలయ్యాయో తేలలేదు. వేడి తగ్గాక లోపలికి వెళ్లి పరిశీలిస్తామని ఫైర్ అధికారి రాత్రి 12 గంటలకు చెప్పారు. పక్క దుకాణం వైపు నుంచి పొగ చూశానని ఎదుటి టీ కొట్టు నిర్వాహకుడు చెప్పగా, తాను ఎనిమిదింటికే మెయిన్ ఆపి తాళం వేశానని ఆ దుకాణదారు అన్నారు."

ఆఖరి వాక్యం చూడండి. టీ కొట్టాయన కళ్లతో చూసింది పొగని, మీటరు బోర్డుని కాదు. ఆయన మాట ఎంతవరకో అంతవరకే రాశాం. నింద పడే మనిషిని అడిగి ఆయన మాటనీ పక్కనే పెట్టాం. డెస్క్ కారణం కావాలని ఒత్తిడి చేస్తే చెప్పండి: "కారణం తేలలేదు, ఫైర్ ఆఫీసరు ఇంకా లోపలికే వెళ్లలేదు." రెండో సగం చెబితే డెస్క్ వదిలేస్తుంది, ఎందుకంటే అదీ ఒక విషయమే, స్క్రోలింగులో పెట్టుకోవచ్చు. ఉత్త "తెలియదు సార్" అంటే మీరు అడగలేదనుకుంటారు.

కాగితాలు చేతికొచ్చాక కూడా వాటిలో రాసిన కారణాన్ని యథాతథంగా ఎత్తుకోకండి. ఎఫ్ఐఆర్‌లో ఉండేది ఫిర్యాదుదారు చెప్పిన కారణం, పోలీసులు కనిపెట్టింది కాదు. నేను చూసిన ఫైర్ రిపోర్టుల్లో ఆ గడికి పేరే "ఊహిస్తున్న కారణం" అనే అర్థమొచ్చేలా ఉంటుంది, ఆ గడిలోది మనం హెడ్డింగుకి ఎక్కిస్తాం. ఫ్యాక్టరీల శాఖ విచారణ, ల్యాబ్ నివేదిక వారాలు, నెలలు పడతాయి. వాటికోసం డైరీలో తేదీ వేసుకుని తిరిగి వెళ్లేవాళ్లు తక్కువ. నేను ప్రమాదం జరిగిన ముప్పయ్యో రోజు మీద ఒక గుర్తు పెట్టుకునేవాణ్ని. ఎక్కువసార్లు "ఇంకా రాలేదండీ" అనేవాళ్లు. అదీ చిన్న వార్తే.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ముందు వీధిలోని కెమెరాలు చూడండి, ఈ రోజే. చాలా డీవీఆర్‌లలో పాత ఫుటేజీ మీద వారం పది రోజుల్లో కొత్తది ఎక్కేస్తుంది. తర్వాత సబ్‌స్టేషన్లో ఆ రాత్రి ఫీడర్ ఎప్పుడు ట్రిప్పయిందో, ఫైర్ స్టేషన్లో ఫోన్ ఎప్పుడొచ్చిందో పక్కపక్కన రాసుకోండి. షాపాయనతో వాదించకండి, మెయిన్ ఎప్పుడు ఆపారో, తాళం వేసేటప్పుడు పక్కన ఎవరున్నారో అడగండి. దొరికినదాంతో, ఏమీ దొరక్కపోతే దొరకలేదనే, "మంటలు పక్క దుకాణం నుంచి మొదలైనట్టు ఆధారాలు లేవు, ఇంతకుముందు రాసినది స్థానికుల మాట మాత్రమే" అని సవరణ పంపండి. డెస్క్ వేయనంటే, మీరు పంపిన మెయిల్ తేదీతో సహా దాచుకోండి.